శనివారం సభ పనులు: జ్ఞాపిక మీద రాత ఇవాళే తేలాలి

మర్రిపాలెం అన్న, మధ్యాహ్నం 3:40
మెల్‌బోర్న్ తెలుగు బడి టీచరుగారి సన్మాన సభకి విశాఖ నుంచి వెళ్లాల్సినవి: జ్ఞాపిక, శాలువా, మాడుగుల హల్వా 4 కిలోలు, యాంకరు చదివే కాగితాలు. అల్లిపురం బావ రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాడు. జ్ఞాపిక ఫొటో షాపు నుంచి ఇప్పుడే వచ్చింది, షాపు ఎనిమిదింటికి మూసేస్తారు. అందరూ ఓసారి చూడండి.

"ప్రియమైన ఆంటీ, మీ కఠిన శ్రమకు ధన్యవాదాలు. నీవు అద్భుతం. మేము మీ గురించి చాలా గర్వపడుతున్నాము. మీరు లేకుండా మా బడి ఏమీ కాదు. – మీ విద్యార్థులు"

అల్లిపురం బావ, 3:52
హల్వా అక్కడ ఎయిర్‌పోర్టులో రానిస్తారా? ఎవరైనా చెప్పండి.

ఎంవీపీ అత్తయ్య, 3:58
ఇది చెక్కించేశారా? ఆపండి. పాతికేళ్లు అక్షరాలు నేర్పిన మనిషికి "నీవు అద్భుతం" అని ఇత్తడి మీదా?

గాజువాక తమ్ముడు, 4:03
ఏటి అత్తయ్యా, పిల్లలు ఇంగ్లీషులో ఏం రాశారో ముక్క పోకుండా అదే దించాను. హార్డ్ వర్క్, అమేజింగ్, ప్రౌడ్ ఆఫ్ యూ, అన్నీ ఉన్నాయి. ప్రూఫ్ రెండు రోజుల కిందటే పెట్టాను, ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు నన్నంటే ఎలాగ?

మెల్‌బోర్న్ ట్రెజరర్, 4:10
చెక్కడం అయిపోయింది. కొత్త రేకు అంటే 1,800 అడుగుతున్నాడు. ఈ పద్దులో మిగిలింది 600. నేను చెప్పేది అంతే.

సీతమ్మధార మాస్టారు, 4:21
"ప్రియమైన" అన్నది పెద్దలకు రాయకూడదు. అది ఈడువాళ్లకీ చిన్నవాళ్లకీ. "గౌరవనీయులైన" అనాలి. మొత్తం ఇలా మార్చండి: "విద్యాదాన నిరతులైన తమరి నిస్వార్థ సేవలు సర్వత్రా కొనియాడబడుచున్నవి."

ఎంవీపీ అత్తయ్య, 4:40
మాస్టారూ, "ప్రియమైన" విషయంలో మీ మాటే నా మాట. రెండోదే కుదరదు. వేదిక మీద దీన్ని చదవబోయేది పదిహేనేళ్ల పిల్ల, కూడబలుక్కుని చదువుతుంది. "కొనియాడబడుచున్నవి" దగ్గర ఆగిపోతే సభ నవ్వుతుంది, టీచరుగారి ముఖం చిన్నబోతుంది. పైగా కొనియాడేది ఎవరో ఆ మాటలో కనబడరు. గౌరవం ఉంది గానీ మనిషి లేడు.

తమ్ముడూ, కోపం వద్దు, నేనూ ముందే చూడాల్సింది. ఒక్కో ముక్కా చూద్దాం.

"కఠిన" అన్న మాట మన చెవికి కఠిన కారాగార శిక్షనే గుర్తుచేస్తుంది. ఇంగ్లీషులో హార్డ్ వర్క్ మెచ్చుకోలు. మనం ఆ మెచ్చుకోలుని "ఓపిక" అంటాం. "ఎంత ఓపికండీ మీకు" అంటే ఏ టీచరైనా కరిగిపోతుంది.

"అద్భుతం" గుణం పేరు చెప్పి ఊరుకుంటుంది. మనకి ఆప్యాయత చేసిన పని చెప్పడంలో వస్తుంది. ఆవిడ ఏం చేశారు? చెయ్యి పట్టుకుని దిద్దించారు. "నేర్పించారు" కన్నా "దిద్దించారు"లో ఆవిడ చెయ్యి కనబడుతుంది, గమనించండి.

ఇక "గర్వపడుతున్నాము". ఇంగ్లీషులో ఎవరు ఎవరికైనా అనొచ్చు. తెలుగులో పెద్దవాళ్లు పిల్లల్ని చూసి గర్వపడతారు. శిష్యులు గురువుతో అంటే భుజం తట్టినట్టుంటుంది. దాన్ని తిప్పి "మీ శిష్యులమని చెప్పుకుంటాం" అంటే గర్వం మిగులుతుంది, వరస తప్పదు.

మెల్‌బోర్న్ వదిన, 4:52
హాలు చూసుకునే ఆయనకి ఇంగ్లీషులో ఇచ్చే కార్డు గురించేనా ఇదంతా? నేను "మీ ఋణం తీర్చుకోలేం, చల్లగా ఉండండి" అని రాసుకుని ఇంగ్లీషులోకి మారిస్తే, ఆయనకి డబ్బు బాకీ ఉన్నట్టూ, చలిలో కూర్చోమన్నట్టూ వచ్చింది.

ఎంవీపీ అత్తయ్య, 5:01
అది వేరే కార్డమ్మా, కానీ జబ్బు ఒకటే. ఇంగ్లీషులో థాంక్యూ మొదటి వాక్యంలోనే పెట్టు, తర్వాత ఆయన చేసిన ఒక్క పని రాయి: మనం గిన్నెలు కడిగేదాకా తాళం వేయకుండా ఆగారు కదా, అది. ఆయన్ని మామూలుగా పిలిచే పేరుతోనే పిలువు, వాళ్లకది అమర్యాద కాదు. ఋణమూ, చల్లగా ఉండండీ వదిలెయ్.

మర్రిపాలెం అన్న, 5:06
"మా బడి" అని ఉంది. నాకెందుకో అక్కడ కలుక్కుమంటోంది.

ఎంవీపీ అత్తయ్య, 5:15
సరిగ్గా పట్టావు. ఇంగ్లీషులో వీ, అవర్ రాసినప్పుడల్లా ఆగి "ఇందులో టీచరుగారు ఉన్నారా?" అని అడగాలి. బడిలో ఆవిడ ఉన్నారు, కాబట్టి "మన బడి". "మా బడి" అంటే ఆవిణ్ణి గుమ్మం బయట నిలబెట్టినట్టే. అలాగని అంతటా "మనం" పెట్టకు. "మనం అక్షరాలు నేర్చుకున్నాం" అంటే ఆవిడా పలక పట్టుకుని కూర్చున్నట్టు. అక్కడ "మేం".

గాజువాక తమ్ముడు, 5:24
అయితే "మీ పుణ్యమా అని మాకు తెలుగు వచ్చింది" అందామా? బాగుంటాది.

ఎంవీపీ అత్తయ్య, 5:27
అది వెటకారంగానూ వాడతారు. "నీ పుణ్యమా అని బస్సు తప్పింది" అనవూ? కాగితం మీద గొంతు వినబడదు. "మీ చలవే" అను.

సీతమ్మధార మాస్టారు, 5:33
"ధన్యవాదాలు" ఒక్కచోటైనా ఉండాలి. లేకపోతే కృతఘ్నతలా ఉంటుంది.

ఎంవీపీ అత్తయ్య, 5:38
సంస్థలకీ దాతలకీ ఉండాలి. గురువుకి మొదట నమస్కారం, చివర దీవెన అడగడం, మధ్యలో చేసిన పని. ఆ మూడూ ఉంటే ధన్యవాదం చెప్పినట్టే.

"నమస్కారం టీచరుగారూ. ప్రతి ఆదివారం ఎంతో ఓపిగ్గా మా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఇవాళ మా అమ్మమ్మలకి తెలుగులో ఉత్తరం రాస్తున్నామంటే అది మీ చలవే. మన బడికి మీరే పెద్ద దిక్కు. ఎక్కడున్నా మీ శిష్యులమని చెప్పుకుంటాం. మీ దీవెనలు మాకెప్పుడూ ఉండాలి."

చదివే పిల్లకి రేపే పంపండి. నోరు తిరగని మాట ఉంటే మాటనే మార్చాలి, పిల్లని కాదు.

సీతమ్మధార మాస్టారు, 5:47
నాకైతే ఇంకా కాస్త వెలితిగానే ఉంది. సరే, కానివ్వండి.

మెల్‌బోర్న్ ట్రెజరర్, 5:50
బాగుంది. మళ్లీ రేకుకే వస్తున్నా. 600.

మర్రిపాలెం అన్న, 6:12
షాపులోనే ఉన్నాను. ఇంత రాత ఆ రేకు మీద పట్టదట. అక్షరం చిన్నదైతే ఒత్తులు పూడుకుపోయి "దిద్దించారు" కాస్తా నల్లటి మచ్చలా వస్తుందని చూపించాడు. పాత రేకు తిరగేసి వెనకవైపు పేరూ సంవత్సరమూ మాత్రం చెక్కడానికి 300 అడుగుతున్నాడు.

ఎంవీపీ అత్తయ్య, 6:15
చెక్కించెయ్. పేరు పక్కన "గారు" మర్చిపోకు. సందేశం మాస్టారు మందపాటి కాగితం మీద చేత్తో రాస్తారు, ఆయన దస్తూరీ ముందు ఏ అచ్చూ పనికిరాదు. శాలువా మడతలో పెట్టి పంపుదాం.

సీతమ్మధార మాస్టారు, 6:19
ఎన్నింటికి తెమ్మంటారు?

అల్లిపురం బావ, 6:20
తొమ్మిదిలోపు మా ఇంటికి. మడత పడకుండా అట్ట మధ్య పెట్టండి మాస్టారూ.

గాజువాక తమ్ముడు, 6:31
మరి "ఆంటీ" తీసేశామని పిల్లలకి ఎవరు చెప్తారు? వాళ్లు పుట్టినప్పటి నుంచీ అలాగే పిలుస్తున్నారు.

మెల్‌బోర్న్ వదిన, 6:44
కాగితం మీద టీచరుగారు. వేదిక దిగాక కౌగిలించుకుని వాళ్ల నోటికి ఏమొస్తే అది అననీ.

ఎంవీపీ అత్తయ్య, 6:47
ఆవిడకి ఏది ఇష్టమో ఒక్కసారైనా అడిగామా అసలు?

అల్లిపురం బావ, 7:30
హల్వా సంగతి ఎవరూ చెప్పలేదు.