కాలేజీ స్పీచ్‌లో ఏ మాట ఇంగ్లీషులో ఉంచాలి? మాట్లాడుకున్నవాళ్లని వాళ్ల పేటల పేర్లతోనే పిలుస్తున్నాం.

లబ్బీపేట: బెజవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రక్తదానం మీద పది నిమిషాలు మాట్లాడాలి. ఇలా రాశాను: "ఆరోగ్యవంతులైన పురుషులు తొంభై దినములకొకసారి రక్తదానము చేయవచ్చును." పాఠం అప్పజెప్పినట్టుంది. ఇంగ్లీషు ఎక్కడ కలపాలి?

అరండల్‌పేట: సైన్సు మాటలు ఇంగ్లీషులో, మిగతావన్నీ తెలుగులో. అంతే.

సత్యనారాయణపురం: అది సగమే నిజమండీ. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్ అలాగే ఉంచాలి, సరే. వెయిట్, టిఫిన్, హాస్టల్ సైన్సు మాటలు కావుగా, అయినా పిల్లల నోట అవే వస్తాయి. పేర్లు ఇంగ్లీషువి కావచ్చు, వాక్యాన్ని మోసే క్రియ మాత్రం తెలుగుదే ఉండాలి. "బ్లడ్ ఇవ్వండి" అంటే చెవికి హాయిగా ఉంటుంది. "డొనేట్ చేయండి" కూడా నడుస్తుంది కానీ, "ఇవ్వు" అనే మంచి మాట ఉండగా "చేయి" తగిలించడం దేనికి? "హైడ్రేట్ అయి రండి" బదులు "నీళ్లు బాగా తాగి రండి" అనండి.

మీ వాక్యం ఇలా మార్చి చూడండి: "వెయిట్ నలభై ఐదు కేజీలు, హిమోగ్లోబిన్ ట్వెల్వ్ పాయింట్ ఫైవ్ ఉంటే బ్లడ్ ఇవ్వొచ్చు. అబ్బాయిలైతే మూడు నెలలకోసారి, అమ్మాయిలైతే నాలుగు నెలలకోసారి." రిపోర్టులో చూసి చదివే అంకె ఇంగ్లీషులో వచ్చింది, నెలలు తెలుగులో వచ్చాయి. మనం మాట్లాడేటప్పుడు జరిగేది అదే.

కృష్ణలంక: మాకు ఫ్రెషర్స్ డేకి యాంకరింగ్ ఉంది అన్నా. స్క్రిప్ట్ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకోవచ్చా?

సత్యనారాయణపురం: అది వేరే సంగతి తమ్ముడూ. అయినా చెప్తాను, మొత్తం తెలుగు లిపిలోనే రాసుకో. అక్షరాలు మారిన ప్రతిచోటా కన్ను ఆగుతుంది, దాంతో గొంతూ ఆగుతుంది. "డోనర్స్‌లకి" లాంటి తప్పులు కూడా తెలుగులో రాస్తేనే కనిపిస్తాయి. బహువచనం ఒక్కసారి చాలు, "డోనర్స్‌కి" అను, లేకపోతే "డోనర్లకి" అను.

అరండల్‌పేట: మరి "సో", "యాక్చువల్లీ", "బేసిగ్గా"?

సత్యనారాయణపురం: అవి రాయొద్దు. మాట్లాడుతుంటే వాటంతటవే వస్తాయి. కాగితం మీద కూడా పెడితే రెట్టింపవుతాయి. ఇంకోటి, "రక్తం అంటే బ్లడ్" అని ఒకే మాట రెండుసార్లు చెప్పకండి. ఏదో ఒకటి తేల్చుకుని చివరిదాకా అదే వాడండి.

లబ్బీపేట: ఏది తేల్చుకోవాలో ఎలా తెలుస్తుంది?

సత్యనారాయణపురం: ఒక సెకండియర్ విద్యార్థికి రెండు నిమిషాల ముక్క చదివి వినిపించి, కాగితం పక్కన పెట్టి, తన మాటల్లో తిరిగి చెప్పమనండి. మీరు "బరువు" అన్నచోట తను "వెయిట్" అంటే ఆ మాట మార్చండి. తను తడబడినచోట మాట కంటే వాక్యం పొడవే కారణం అయ్యుండొచ్చు, దాన్ని రెండుగా విరవండి.

బ్రాడీపేట: ఒక్కరు చాలరండీ. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లని, వేరే రాష్ట్రాల హాస్టల్ పిల్లల్ని కూడా అడగాలి. "చీమ కుట్టినట్టే ఉంటుంది" మనవాళ్లకి తగిలినట్టు వాళ్లకి తగలదు.

సత్యనారాయణపురం: నిజమే. అయినా ఆ వాక్యాన్ని నేనైతే తియ్యను. సూది భయం పోగొట్టే మాట సొంత భాషలోనే ఉండాలి.

బ్రాడీపేట: తియ్యొద్దు, పక్కనే "ఫైవ్ మినిట్స్ సూది, మొత్తం హాఫెనవర్" అని ఒక ముక్క కలపండి.

లబ్బీపేట: బ్యానర్ మీద "రక్తదానం" ఉంది, నా నోట "బ్లడ్" వస్తోంది. బ్యానర్ మార్పించాలా?

అరండల్‌పేట: మార్పించండి.

సత్యనారాయణపురం: వద్దండీ. రక్తదానం కార్యక్రమం పేరు, బ్లడ్ మనం ఇచ్చేది.