పెళ్లిలో స్నేహితుడి నాలుగు మాటలు: కానుక సంగతి ఎలా చెప్పాలి?

నవీన్: నా ప్రాణస్నేహితుడు కిరణ్‌కు లత గారితో పెళ్లి. విందులో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మా కానుక రెండు చెక్క కుర్చీలు, బాల్కనీలో వేసుకునేవి. ఆ సంగతీ మాటల్లో రావాలి. ఇలా రాసుకున్నాను:

"అందరికీ నమస్కారం. కిరణ్ నాకు ప్రాణస్నేహితుడు. ఈ శుభసందర్భంలో నూతన దంపతులకు నా తరఫున రెండు కుర్చీలను బహూకరిస్తున్నందుకు ఎంతో సంతోషిస్తున్నాను. వారు నిండు నూరేళ్లు అన్యోన్యంగా జీవించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను."

తప్పేమీ కనిపించడం లేదు. కానీ పైకి చదువుతుంటే నా గొంతులా లేదు, ఆఫీసు సభలో మాట్లాడుతున్నట్టుంది. ముఖ్యంగా కానుక వాక్యం దగ్గర నాలుక తిరగడం లేదు. ఎక్కడ సరిచేయాలి?

రఘు: "బహూకరిస్తున్న" తీసేసి "సమర్పిస్తున్నాను" అనండి, వినయంగా ఉంటుంది. బహుమతి అనే మాట కూడా ఎక్కడా రానివ్వకండి. అది పోటీలో గెలిచినవాళ్లకిచ్చేది. పెళ్లికి కానుక అనే అనాలి, అది మన సొంత మాట.

ఇందిర: మా చెల్లి పెళ్లికి నేను కానుక డబ్బా మీద అంటించే కార్డు కోసం రాత్రంతా ఆలోచించాను. చివరికి "ప్రేమతో, అక్క" అని రాసి ఊరుకున్నాను. మీరూ అంతే రాస్తే సరిపోతుంది కదా?

నవీన్: ఇందిర గారూ, నాది కార్డు కాదండీ. మైకు పట్టుకుని నిలబడి చెప్పాలి.

శారద: ఇందిర గారి మాట కార్డుకు సరిగ్గా సరిపోతుంది. కార్డు మీద క్రియ లేకపోయినా లోటు ఉండదు. మైకులో మాత్రం వాక్యం పూర్తి కావాలి, అసలు చిక్కు అక్కడే ఉంది.

రఘు గారు కానుక గురించి చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. అది మన మాటే. తమిళంలో కాణిక్కై, కన్నడంలో కాణికె దాని తోబుట్టువులు. బహుమతి సంస్కృతం నుంచి వచ్చింది, బడిలో పిల్లలకిచ్చేదీ అదే. కానీ పెళ్లి బహుమతి, పుట్టినరోజు బహుమతి అని జనం హాయిగా అంటూనే ఉన్నారు, అందులో తప్పు పట్టలేం.

"సమర్పిస్తున్నాను" మాత్రం వద్దు. మనకు ఇవ్వడం అనే పనికి ఉన్న మాటలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. సమర్పించేది పైవాళ్లకు, అంటే దేవుడికో గురువుకో. ప్రసాదించేది పైనుంచి కిందికి. బహూకరించడం సభ తరఫున ఒకరిని సత్కరించేటప్పటి మాట. స్నేహితులు ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు, వాళ్ల మధ్య నడిచేవి ఇవ్వడం, తేవడం, పంపడం. ఏదైనా వాక్యం మీద అనుమానం వస్తే, ఇదే మాట కిరణ్‌తో ఫోన్‌లో అనగలనా అని చూసుకోండి. "ఒరే, నీకు కుర్చీలు సమర్పిస్తున్నాను" అనలేరు కదా.

రఘు: సరే, సమర్పణ వద్దు. అయితే "ఇస్తున్నాను" అంటే సరిపోతుందా? నలుగురిలో చెప్తే డాంబికంగా వినిపించదూ?

శారద: మంచి ప్రశ్న. అందులో "నేను" ఉంది, అందుకే మీకు అలా వినిపిస్తోంది. తెలుగులో ఇచ్చేవాడిని తప్పించి, ఇచ్చిన వస్తువునే కర్తగా నిలబెట్టవచ్చు. "మీ ఇంటికి రెండు కుర్చీలు వస్తున్నాయి" అనండి. పంపిందెవరో అందరికీ అర్థమవుతుంది, అయినా ఆ వాక్యంలో మీరు కనిపించరు. నా తరఫున, ఈ శుభసందర్భంలో లాంటివి వాటంతటవే రాలిపోతాయి.

ఇంకో సంగతి, కుర్చీలే ఎందుకు ఎంచుకున్నారో ఎక్కడా చెప్పలేదు. కారణం లేకుండా వస్తువు పేరొక్కటే వస్తే అది జాబితాలో ఒక పద్దులా ఉంటుంది. కారణం ముందు చెప్పి, వస్తువును తర్వాత తెస్తే కానుక సంగతి ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఎందుకు కుర్చీలు?

నవీన్: చిన్నప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరం వాళ్ల ఇంటి మెట్ల మీద కూర్చునేవాళ్లం. కబుర్లన్నీ వాడివే. నేను దిగులుగా ఉన్న రోజున మాత్రం ఏమీ అడగకుండా పక్కన కూర్చునేవాడు. అందుకే కుర్చీలు అనుకున్నాను. ఇది అందరి ముందూ చెప్పాలా అని మొహమాటపడ్డాను.

శారద: చెప్పాల్సింది అదే. మీరు ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలే మీ గొంతు. ముగింపు కూడా ఒకసారి చూడండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, చెవిలో నిలిచేది అదే. మీరు "కోరుకుంటున్నాను" దగ్గర ఆపారు. అంటే చివరికి వినేవాళ్ల దృష్టి మీ కోరిక మీద పడుతుంది, దంపతులు మధ్యలో ఉండిపోతారు. "ఉండాలి" దగ్గర ఆపండి. చల్లగా ఉండండి, నిండు నూరేళ్లు అనేవి పెద్దవాళ్ల నోట దీవెనలు. సాటివాళ్లం కాబట్టి మనకు అంత పెద్ద మాట అవసరం లేదు. నేనైతే ఇలా కుదురుస్తాను:

"అందరికీ నమస్కారం. కిరణూ నేనూ చిన్నప్పటి నుంచి స్నేహితులం. రోజూ సాయంత్రం వాళ్ల ఇంటి మెట్ల మీద కూర్చునేవాళ్లం. కబుర్లన్నీ వాడివే. నేను దిగులుగా ఉన్న రోజున మాత్రం ఏమీ అడగకుండా పక్కన కూర్చునేవాడు. లత గారూ, అలా పక్కన కూర్చోవడం వాడికి బాగా వచ్చు. అందుకే మీ ఇంటికి రెండు కుర్చీలు వస్తున్నాయి. ఎంత పని ఉన్నా రోజూ కాసేపు పక్కపక్కన కూర్చోండి. మీరిద్దరూ ఎప్పుడూ ఇలాగే నవ్వుతూ ఉండాలి."

తీరిగ్గా చదివినా నిమిషం పట్టదు. "అందుకే" ముందు ఒక్క క్షణం ఆగండి.

నవీన్: చదువుతుంటే నాకే గొంతు పట్టేసింది. ఒక అనుమానం. ముందు అందరితో మాట్లాడుతున్నాను, తర్వాత లత గారితో, చివర ఇద్దరితో. వినేవాళ్లు తికమకపడరా?

శారద: పిలుపు ఉంది కాబట్టి పడరు. "లత గారూ" అనగానే మీ చూపు అటు తిరుగుతుంది, మాటా తిరుగుతుంది. జాగ్రత్త పడాల్సింది మేము, మనం దగ్గర. ఆ మెట్ల కథ అతిథులతో చెప్తున్నారు కాబట్టి "కూర్చునేవాళ్లం" ముందు ఏదైనా కావాలంటే మేమిద్దరం అనండి. టెన్షన్‌లో కిరణ్ వైపు తిరిగి "మనిద్దరం" అంటే, ఆ తర్వాత వాక్యంలో "వాడు" అనలేరు, "నువ్వు" అనాల్సి వస్తుంది. కథ మొత్తం ఒకే వైపు చూసి చెప్పండి.

ఇందిర: నాకు "వాడు" అనేదే గుచ్చుకుంటోంది. అమ్మాయి తరఫు పెద్దలందరూ ఉంటారు. పెళ్లికొడుకును మైకులో వాడు వీడు అంటే వాళ్లకు ఎలా ఉంటుంది? "తను" అనొచ్చు కదా.

రఘు: వాడు అనకపోతే ప్రాణస్నేహితుడు ఎలా అవుతాడండీ? లత గారికి గారు, వాడికి వాడు. ఆ తేడాలోనే చనువు, మర్యాద రెండూ తెలుస్తున్నాయి.

శారద: "తను" పెట్టినా వాక్యాలు చెడవు. "తనకు బాగా వచ్చు" అనొచ్చు. నా చెవికి వాడు అన్నదే బాగుంది, అయితే ఇందిర గారి భయం ఉత్తది కాదు. కొన్ని ఇళ్లలో అది నిజంగానే నొప్పిస్తుంది. వాళ్లు ఎలాంటివాళ్లో నవీన్‌కే తెలియాలి.

నవీన్: లత గారి నాన్నగారు మాట పట్టింపు మనిషి అని విన్నాను. రెండు రకాలుగానూ చదివి చూస్తాను, కిరణ్ వాళ్ల అమ్మగారిని కూడా ఒక మాట అడుగుతాను.

ఇందిర: అడగండి. కార్డు కూడా మర్చిపోకండి, కుర్చీలకు కట్టాలిగా.