ఫోన్లో "వస్తానండి" అనేశాక ఆఫర్ వద్దని మెయిల్ ఎలా రాయాలి?

బ్రాడీపేట నాలుగో లైను
విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి సోమవారం ఆఫర్ మెయిల్ వచ్చింది. శుక్రవారంలోపు సంతకం పెట్టి పంపమన్నారు. మంగళవారం హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేస్తే తొందరపడి "వస్తానండి" అనేశాను. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. నిన్న గుంటూరులోనే ఒక ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ పని దొరికింది. జీతం రెండు వేలు తక్కువే, కానీ నేను నేర్చుకోవాలనుకున్న పని అదే. ఆటోనగర్ వాళ్లకి వద్దని చెప్పాలి. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ వాళ్ల గుమ్మం ఎక్కాల్సి వస్తే మాత్రం మొహం చెల్లాలి. రెఫర్ చేసింది మా బాబాయ్ స్నేహితుడు. మెయిల్ ఎలా రాయమంటారు?

కృష్ణలంక కట్ట
ఎంత చిన్నగా రాస్తే అంత మంచిది. "వ్యక్తిగత కారణాల వల్ల చేరలేకపోతున్నాను" అని రెండు లైన్లు కొట్టి పంపెయ్యండి. సంతకం పెట్టలేదు కాబట్టి ఫోన్లో అన్న మాటకి లెక్క లేదు.

మంగళగిరి రోడ్డు
నోటీస్ పీరియడ్ ఎంత? అది పూర్తి చేయకపోతే రిలీవింగ్ లెటర్ దగ్గర తిప్పలు పెడతారు, చూసుకోండి.

బ్రాడీపేట నాలుగో లైను
అన్నా, నేనింకా చేరనే లేదు. ఆఫర్ మాత్రమే వచ్చింది.

పాత హెచ్ఆర్
చిన్నగా రాయమన్నది నిజమే. మిగతా రెండూ ఒప్పుకోను. ఫోన్లో "వస్తాను" అని మీరన్న రోజే ఆ మేడమ్ రెండో అభ్యర్థిని పక్కన పెట్టి ఉంటారు, మేనేజర్‌కి "మనిషి దొరికాడు" అని చెప్పి ఉంటారు. కాగితం మీద లేకపోయినా ఆవిడ లెక్కలో ఆ మాట ఉంది. అందుకే ముందు ఆవిడకే ఫోన్ చేయండి. రెండు నిమిషాలు చాలు. గంటలోపు మెయిల్ పెట్టండి. ఫోన్ చేయకుండా మెయిల్ ఒక్కటే పంపితే మొహం చాటేసినట్టుంటుంది. మెయిల్ లేకుండా ఫోన్ ఒక్కటే అయితే, ఆరు నెలల తర్వాత ఫైల్ తీసినవాళ్లకి "ఆఫర్ ఇచ్చాం, రాలేదు" అన్న ముక్కే కనిపిస్తుంది.

ఇవన్నీ చేసేముందు ఆడిటర్ ఆఫీసు నుంచి జీతం, చేరే తేదీ రాతపూర్వకంగా చేతికొచ్చాయా? నోటిమాటే అయితే ఈ రోజే అడిగి తీసుకోండి. అది వచ్చిన రోజే ఇటు చెప్పెయ్యండి, శుక్రవారం సాయంత్రం దాకా నాన్చొద్దు.

మెయిల్ కొత్తగా మొదలుపెట్టకండి. ఆఫర్ వచ్చిన మెయిల్‌కే `Reply All` కొట్టండి. ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. "అవకాశం ఇచ్చినందుకు ఎంతో కృతజ్ఞతలు, మీ టీమ్‌ని కలవడం ఆనందంగా ఉంది" అని మూడు లైన్లు నడిపించి, కాదన్న మాట అడుగున పెడతారు. హెచ్ఆర్ ఫోన్లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనిపించేది `Re: Offer Letter` అన్న సబ్జెక్టు, మొదటి వాక్యంలో సగం. కృతజ్ఞతలు చూసి చేరుతున్నారనుకుని పక్కన పెట్టేస్తారు. చేరాల్సిన రోజు మనిషి రాకపోతే అప్పుడు పూర్తిగా చదువుతారు. కాబట్టి "చేరలేకపోతున్నాను" అన్నది మొదటి వాక్యంలోనే పడాలి.

ఇక కారణం. "వ్యక్తిగత కారణాలు" అని రాసి, పది రోజుల్లో లింక్డ్ఇన్‌లో కొత్త ఉద్యోగం పెడితే అబద్ధమని వాళ్లకి తెలిసిపోతుంది. "జీతం" అని రాస్తే అది బేరానికి పిలుపు. ఇంకో మూడు వేలు కలిపి మళ్లీ అడుగుతారు, మీరు రెండోసారి కాదనాలి, అప్పుడు తలుపు నిజంగానే మూసుకుంటుంది. ఒక్కటే కారణం రాయండి, అది నిజమై ఉండాలి, వాళ్ల తప్పులా వినిపించకూడదు. మీకు అలాంటిది సిద్ధంగా ఉంది: పని తీరు. వాళ్లది బిల్లింగ్, స్టాకు లెక్కలు. మీకు కావాల్సింది జీఎస్టీ రిటర్న్‌లు.

కంపెనీ మెయిళ్లు ఇంగ్లీషులోనే నడుస్తాయి కాబట్టి చివరికి మీరు ఆ భాషలోనే రాస్తారు. మాటల వరస మాత్రం ఇలా పెట్టుకోండి:

> మేడమ్ గారికి నమస్కారం. ఇందాక ఫోన్లో చెప్పినట్టు, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగంలో నేను చేరలేకపోతున్నాను. మంగళవారం వస్తానని చెప్పి ఇప్పుడు మాట మార్చినందుకు క్షమించండి. పూర్తిగా జీఎస్టీ రిటర్న్‌ల మీద పని చేసే అవకాశం రావడంతో దాన్ని ఎంచుకున్నాను. ఇంటర్వ్యూలో మేనేజర్ గారు మీ బ్రాంచిల స్టాకు లెక్కలు ఓపికగా వివరించారు, ఆయనకు నా ధన్యవాదాలు చెప్పగలరు. మున్ముందు మీ దగ్గర జీఎస్టీ, ఆడిట్ పనికి ఖాళీ వస్తే తప్పకుండా దరఖాస్తు చేస్తాను.

ఆ చివరి వాక్యమే తలుపు తెరిచి ఉంచేది. "భవిష్యత్తులో కలిసి పనిచేద్దాం" అని ఊరికే అంటే ఎవరికీ గుర్తుండదు. ఏ పనికో రాస్తే, ఆ ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు తట్టే వీలుంది.

తెనాలి పాసింజర్
నేను సంతకం పెట్టి పంపేశానండి, చేరడానికి తొమ్మిది రోజులుంది. ఇదే మెయిల్ సరిపోతుందా?

పాత హెచ్ఆర్
సరిపోదు. సంతకం పెట్టాక అది ఒప్పందం. చేరకపోతే ఏమిటన్నది ఆ లెటర్‌లో ఎక్కడైనా ఉందేమో ముందు చదవండి, ముఖ్యంగా జాయినింగ్ బోనస్ లాంటిది ముందే తీసుకున్నారా అన్నది. ఆ లైన్ ఇక్కడ పెడితే చూద్దాం.

పటమట లంక
బాబాయ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మెయిల్ కంటే ముందు, హెచ్ఆర్‌కి ఫోన్ కంటే కూడా ముందు, ఆ స్నేహితుడికి చెప్పాలి. ఆయనకి ఈ కబురు కంపెనీ వాళ్ల నోటి నుంచి తెలిస్తే రేపు ఇంకెవరికీ రెఫర్ చేయడు. బాబాయ్ చేత చెప్పించొద్దు, నువ్వే మాట్లాడు. ఇంకోటి, ఆడిటర్ ఆఫీసు పేరు కూడా మెయిల్‌లో రాసెయ్యి. గుంటూరు, బెజవాడ మధ్య ఆడిటర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఎలాగూ దాగదు.

పాత హెచ్ఆర్
రెఫర్ చేసినాయన సంగతి నేను మర్చిపోయాను, మీరన్నదే సరైన వరస. పేరు మాత్రం రాతలో వద్దంటాను. ఫోన్లో అడిగితే చెప్పాలి, దాచకూడదు.

పటమట లంక
అడిగితే చెప్పేది రాస్తే తప్పేంటి?

కృష్ణలంక కట్ట
అసలు ఆ ఆటోనగర్ కంపెనీ రిటర్న్‌లు వేసేది ఆ ఆడిటరే అయితే? అప్పుడు పేరు రాసినా రాయకపోయినా గొడవే కదా.

పాత హెచ్ఆర్
ఇది మంచి పాయింట్. అదే నిజమైతే ఆడిటర్ గారికి ముందే చెప్పాలి. ఆయన తన క్లయింటు మనిషిని లాక్కున్నట్టు కనిపిస్తుంది, అది ఆయనకీ ఇబ్బందే.

ఇంకొక్క మాట. నాలుగైదు నెలల తర్వాత ఆ మేనేజర్‌కి పలకరింపు మెయిల్ పెట్టాలనుకుంటే నెలలో 11, 20 తేదీల చుట్టుపక్కల వద్దు. జీఎస్టీఆర్-1, 3బీ గడువుల్లో అకౌంట్స్ వాళ్లు తల ఎత్తరు. నెలాఖరు కూడా అంతే. 22 నుంచి 26 మధ్య చూసుకోండి.

బ్రాడీపేట నాలుగో లైను
ఆడిటర్ గారి లెటర్ మధ్యాహ్నం వచ్చింది. వాళ్ల క్లయింట్లలో ఆటోనగర్ కంపెనీ లేదని కనుక్కున్నాను. మేడమ్‌తో మాట్లాడాను, "జీతమా సమస్య?" అనే అడిగారు. కాదు, పని తీరు అన్నాను. మెయిల్ పెట్టాను, పేరు రాయలేదు. బాబాయ్ స్నేహితుడికి పొద్దున్నుంచి మూడుసార్లు చేశాను, ఎత్తట్లేదు. ఆయనతో మాట్లాడకుండానే మెయిల్ వెళ్లిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో పెట్టనా, ఇంటికే వెళ్లనా?

పటమట లంక
ఇల్లు ఎక్కడ?

బ్రాడీపేట నాలుగో లైను
పెదకాకాని.

పటమట లంక
దగ్గరే కదా, వెళ్లు.