పక్షవాతం తర్వాత చెయ్యి: ఫిజియో చాలా, ఓటీ కూడా కావాలా?

సింధు_ఎంవీపీ
మా నాన్నగారికి 68 ఏళ్లు. మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని హాల్లో నడుస్తున్నారు, కానీ చెయ్యి రావట్లేదు. రోజూ ఫిజియోథెరపిస్ట్ ఇంటికి వస్తున్నారు. ఫిజియో ఆపేసి, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, అదే ఓటీ, పెట్టించమని ఒకరు చెప్పారు. ఏది చెయ్యాలి? వాళ్లని ఏమని అడగాలి?

గాజువాక_శ్రీను
ఫిజియో ఆపొద్దమ్మా. మా బావగారికి ఇలాగే అయితే ఫిజియోతోనే లేచి నడిచారు. రబ్బరు బంతి నొక్కించండి, తలుపుకి కప్పీ కట్టి తాడుతో చెయ్యి పైకి లాగించండి. ఓటీ అనేది పిల్లలకి.

రాజు_మధురవాడ
మా బాబుకి ఓటీ ఏడాదిగా చేయిస్తున్నాం. మొదట్లో పెన్సిల్ పట్టుకునేవాడు కాదు, ఇప్పుడు రాస్తున్నాడు. కాకపోతే సెంటర్లో ఖాళీ దొరకడం కష్టం, ముందే పేరు రాయించుకోండి. బాబు వయసెంత?

సింధు_ఎంవీపీ
బాబు కాదండీ, నాన్నగారు.

లలిత_ఓటీ
సింధు గారూ, నేను పెద్దవాళ్లతోనే పనిచేసే ఓటీని. ఏదీ ఆపకండి. ముందు మూడు విషయాలు చెప్పండి. టేబుల్ మీద చెయ్యి పెట్టి వేళ్లు తెరవమంటే సొంతంగా ఎంతోకొంత తెరుస్తున్నారా? భుజం నొప్పి ఉందా? భోజనం ఎలా చేస్తున్నారు? ఈ మూడూ తెలియకుండా ఫిజియోనా ఓటీనా అనడం కుదరదు.

శ్రీను గారూ, ఆ కప్పీ తాడు మాత్రం దయచేసి వద్దు. పడిపోయిన చెయ్యిని మంచి చెయ్యి అలా పైకి లాగితే భుజం పాడవుతుంది.

సింధు_ఎంవీపీ
వేళ్లు కొంచెం తెరుస్తారు, బొటనవేలు మాత్రం రాదు. చొక్కా తొడిగేటప్పుడు భుజం నొప్పి అంటారు, రాత్రి ఆ పక్కకి తిరిగినా నొప్పే. మాట బాగానే ఉంది. అన్నం అమ్మ కలిపి పెడుతుంది. ఫిజియో గారు వచ్చి చెయ్యి, కాలు పది పదిసార్లు ఎత్తించి, బంతి నొక్కించి వెళ్తారు. కప్పీ మేమూ కట్టాం. చెయ్యి ఎప్పుడొస్తుందని అడిగితే టైమ్ పడుతుంది అంటారు.

సత్య_బీపీటీ
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. కప్పీ విషయంలో లలిత గారు చెప్పింది సరైనదే, ఈరోజే విప్పేయండి. కానీ ఫిజియో అంటే చెయ్యీ కాలూ ఆడించి వెళ్లిపోయేవాడు అన్నట్టు మాట్లాడకండి. నేను పేషెంట్‌ని కుర్చీలోంచి లేపించి నిలబెట్టాలని చూస్తే, ఇంట్లో వాళ్లే 'పడిపోతారు సార్, పడుకోబెట్టే చేయించండి' అంటారు. ఆయన సొంతంగా చేసే పని ఇస్తే 'మీరేం చెయ్యట్లేదు, డబ్బులెందుకు' అన్న ఇళ్లున్నాయి. మేము పట్టుకుని ఆడిస్తేనే మీకు వైద్యం అనిపిస్తుంది. ఆ తర్వాత చెయ్యి రాలేదని మమ్మల్ని అంటారు.

లలిత_ఓటీ
నేనలా అనలేదు సత్య గారూ. సింధు గారు చెప్పిన సెషన్ గురించే మాట్లాడుతున్నాను. పదిసార్లు ఎత్తించడంలో ఆయన ఎంత ఎత్తుతున్నారు, ఫిజియో గారు ఎంత ఎత్తుతున్నారు? మొదటి ప్రశ్న అదే అడగాలి. వేరేవాళ్లు ఎత్తితే కీలు బిగుసుకోదు, అంతవరకే లాభం. మెదడు నేర్చుకోవాలంటే ఆయన ప్రయత్నించాలి, అదీ వందలసార్లు.

గాజువాక_శ్రీను
కప్పీ ఎందుకు వద్దో ఎవరూ చెప్పరు. మా బావగారికి పనిచేసింది. బంతిలో తప్పేముంది?

లలిత_ఓటీ
చెప్తానండి. మామూలుగా చెయ్యి పైకి లేస్తుంటే వెనకున్న రెక్క ఎముక కూడా దానితోపాటు తిరుగుతుంది. స్ట్రోక్ తర్వాత ఆ రెక్క సరిగా కదలదు, భుజాన్ని గూట్లో పట్టి ఉంచే కండరాలూ వదులవుతాయి. ఆ స్థితిలో తాడు లాగితే ఎముకలు ఒకదానికొకటి ఒరుసుకుని మధ్యనున్న కండరాల నారలు నలుగుతాయి. మంచి చెయ్యికి ఆ నొప్పి తెలియదు కాబట్టి ఇంకా లాగుతుంది. సింధు గారి నాన్నగారికి రాత్రి నొప్పి ఉందంటే ఇప్పటికే భుజం ఇబ్బంది పడుతోంది. భుజం చివర ఎముక కింద వేలు పెట్టి చూడండి, వేలు పట్టేంత గుంట తగిలితే భుజం జారుతోందని వెంటనే థెరపిస్ట్‌కి చెప్పండి. కూర్చున్నప్పుడు మోచెయ్యి కింద దిండు ఉండాలి. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి ఎవరూ లాగకూడదు. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చేతికి, విప్పేటప్పుడు ముందు ఎడమ చేతికి.

ఇక బంతి. ఆయన చెయ్యి మూసుకోగలుగుతోంది, తెరవడమే రావట్లేదు. వచ్చినదాన్నే రోజంతా చేయిస్తే రానిది ఎలా వస్తుంది?

సత్య_బీపీటీ
బంతి వద్దని అందరికీ చెప్పడానికి లేదు. కొందరికి పట్టు బలం కూడా కావాలి.

పద్మజ_పెందుర్తి
మా అమ్మ సంగతి చెప్తాను. హాస్పిటల్లో ఉండగానే ఓటీ ఆవిడ వచ్చి ఎడమ చేత్తో తినడం, జుట్టు దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం నేర్పారు. అమ్మ నెలలోపే అన్నీ చేసుకుంది, అందరూ మెచ్చుకున్నారు. కుడి చెయ్యిని ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చెయ్యి ఛాతీకి ముడుచుకుపోయింది, గోళ్లు తియ్యాలన్నా వేళ్లు విప్పలేం. ఓటీ అంటే నాకు నమ్మకం లేదు.

సత్య_బీపీటీ
నేనూ ఇదే చెప్తున్నాను. ఎడమ చెయ్యి అలవాటైతే మెదడు కుడి చెయ్యిని మర్చిపోతుంది. మూడు నెలలంటే ఇంకా చెయ్యి వచ్చే కాలమే. ఇప్పుడే ఎడమ చేత్తో సర్దుకోమనడం అంటే కుడి చెయ్యి మీద ఆశ వదిలేయడం.

లలిత_ఓటీ
సత్య గారూ, చెయ్యి కోసం ఏడాది ఎదురుచూసిన ఇళ్లు నేను చూశాను. ఆ ఏడాదీ భార్య తినిపించాలి, స్నానం చేయించాలి, బట్టలు కట్టాలి. ఆఖరికి చెయ్యీ రాదు, ఆవిడ నడుమూ పోతుంది. మీ సెషన్ గంటలో అయిపోతుంది, మిగతా రోజంతా ఎవరు చూస్తారు?

సత్య_బీపీటీ
ఇంట్లోవాళ్ల కష్టం తగ్గించడానికి పేషెంట్ చెయ్యి వదిలేద్దామా? అదా థెరపీ?

శిరీష_అక్కయ్యపాలెం
దయచేసి గొడవపడకండి. ఆమె అడిగింది ఏం అడగాలని.

సింధు_ఎంవీపీ
నిజానికి మా ఇంట్లోనూ ఇదే గొడవ. నాన్న ఎడమ చేత్తో తిననంటారు, స్పూన్ ఇస్తే పక్కన పెట్టేస్తారు. అమ్మ మూడు పూటలా పెడుతోంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు. అన్నయ్య ఫోన్లో నాన్న కుడి చెయ్యి వచ్చేదాకా ఏదీ మార్చొద్దంటాడు. అమ్మ నాకొక్కదానికే అలిసిపోయానని చెప్తుంది.

లలిత_ఓటీ
ఇది ముందే చెప్పాల్సింది సింధు గారూ. నేనైతే రెండూ ఒకే భోజనంలో పెడతాను. తినడానికి అరగంట ముందు, ఆయన అలిసిపోకముందే, కుడి మోచెయ్యి టేబుల్ మీద ఆనించి ఇడ్లీ ముక్కలు పట్టి గిన్నెలోంచి గిన్నెలోకి వెయ్యాలి. వేళ్లు కొంచెమైనా తెరుచుకుంటున్నాయి కాబట్టి ఈ పనికి ఆధారం ఉంది. బొటనవేలు రాకపోతే దాన్ని పక్కకి పట్టి ఉంచే చిన్న స్ప్లింట్ అవసరమేమో ఓటీ చూడాలి. భోజనంలో మొదటి నాలుగు ముక్కలు కుడి చేత్తో, మిగతాది లావు పిడి స్పూన్‌తో ఎడమ చేత్తో. అప్పుడు కంచాన్ని కుడి చెయ్యి పట్టి ఉంచాలి, కంచం కింద జారని రబ్బరు మ్యాట్ వెయ్యండి. కుడి చెయ్యికి ప్రతి పూటా పని ఉంటుంది, అమ్మకి తినిపించే పని తగ్గుతుంది.

ముక్క పట్టేటప్పుడు భుజం చెవి దాకా లేస్తుంటే, నడుము వెనక్కి వాలుతుంటే తప్పు చేస్తున్నారు. గిన్నె దగ్గరగా జరపండి. చేశాక నొప్పి గంట దాటి ఉన్నా, రాత్రి నిద్ర చెడినా మర్నాడు సగానికి తగ్గించి థెరపిస్ట్‌కి చెప్పండి. నాలుగు వారాల తర్వాత మోచెయ్యి ఆనించి కూడా ముక్క నోటిదాకా రాకపోతే లక్ష్యం మార్చాలి. ఇప్పుడొచ్చే ఫిజియో గారిని కూడా ఇదే అడగండి: నాలుగు వారాల్లో ఏ పని రావాలి, రాకపోతే ఏం మారుస్తారు? ఇంట్లో ఇచ్చిన ప్రతి వ్యాయామం ఏ పని కోసం? ఫిజియో గారు మీ ముందు చేసి చూపిస్తుండగా ఫోన్లో వీడియో తియ్యండి, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

సత్య_బీపీటీ
కుడి చేత్తో మొదలుపెట్టడం వరకు ఒప్పుకుంటాను. స్పూన్ విషయంలో కాదు. ఇంకో మాట, ఇద్దరినీ పెట్టుకుంటే ఒకరి ప్లాన్ ఇంకొకరికి తెలియాలి. ఒకరు బంతి నొక్కమని, ఇంకొకరు వద్దని అంటే పేషెంట్ రెండూ మానేస్తాడు. ఖర్చు కష్టమైతే ఓటీ పదిహేను రోజులకోసారి వచ్చి ప్లాన్ రాయనివ్వండి, రోజూ ఫిజియో చేయిస్తారు.

లలిత_ఓటీ
కాగితం మీద రాసిస్తే సరిపోదు. ఆయన వంటింట్లో, బాత్రూమ్‌లో ఏం చేస్తున్నారో వచ్చి చూడాలి.

గాజువాక_శ్రీను
విశాఖలో పెద్దవాళ్లని చూసే ఓటీ ఎక్కడ దొరుకుతారు? అందరూ పిల్లల సెంటర్లే.

శిరీష_అక్కయ్యపాలెం
చూసే న్యూరాలజిస్ట్‌ని అడగండి. స్ట్రోక్ పేషెంట్లని చూశారా అని ఓటీని ఫోన్లోనే అడగండి, పిల్లలతో మాత్రమే అంటే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

సింధు_ఎంవీపీ
రాత్రి నాన్నని కూర్చోబెట్టి అడిగాను, మీకు ముందు ఏం రావాలి అని. అన్నం గురించి అనలేదు. బాత్రూమ్‌కి అమ్మ లేకుండా వెళ్లి రావాలట. మాకెవరికీ ఈ ఆలోచనే రాలేదు.

లలిత_ఓటీ
అయితే మొదటి లక్ష్యం అదే. కడుక్కునేది ఎడమ చేత్తోనే కాబట్టి అక్కడ ఆయనకి అభ్యంతరం ఉండదు. చిక్కులు వేరే ఉంటాయి. లుంగీ ఒక్క చేత్తో కట్టుకోలేరు, ఎలాస్టిక్ ప్యాంటు వెయ్యండి. నీళ్ల పైపు కుడివైపు ఉంటే ఎడమవైపుకి మార్పించండి. పట్టుకునే రాడ్ ఎడమవైపు గోడకి, గట్టిగా. గుమ్మం దగ్గర గట్టు ఉందా, కమోడ్ ఎత్తెంత? ఎత్తు తక్కువైతే ఆయన లేవలేరు, పైన వేసే సీటు దొరుకుతుంది.

పద్మజ_పెందుర్తి
రాడ్ పెట్టించండి, తప్పులేదు. కానీ రోజూ కుడి చెయ్యి వ్యాయామానికి ఇచ్చే గంట తగ్గించకండి సింధు. మా అమ్మకి అలాగే తగ్గించారు.

సత్య_బీపీటీ
ఇది నా పనే. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం, ఇరుకులో తిరగడం, ఒంగి ఎలాస్టిక్ కిందికి లాగేటప్పుడు నిలదొక్కుకోవడం. మీ కమోడ్ ఎంత ఎత్తుందో కొలిచి చెప్పండి, అంత ఎత్తు స్టూల్ మీద రోజుకి ఎన్నిసార్లు లేవాలో రాస్తాను. ఎవరో ఒకరు ఎడమవైపు కాకుండా కుడివైపు, కొంచెం వెనక నిలబడాలి, పడేది అటే. రాడ్ బిగించేదాకా ఒంటరిగా పంపొద్దు. ఇక ఈ పనికోసం చెయ్యి గంట తగ్గించడానికి మాత్రం నేనూ ఒప్పుకోను.

లలిత_ఓటీ
గంట తగ్గించమని ఎవరన్నారు? ఆయన రోజుకి ఎంతసేపు అలసిపోకుండా చెయ్యగలరో ముందు చూడాలి. అది తెలిశాక ఏది ముందో ఆయనే చెప్తారు. సింధు గారూ, కమోడ్ ఎత్తుతోపాటు తలుపు వెడల్పు కూడా కొలవండి.