వేరే మతం ఫ్రెండ్‌కి సంతాపం: వాళ్ల మాటలు వాడాలా, మన మాటలే రాయాలా?

వానచినుకు: నా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు నిన్న పోయారు. వాళ్లు ముస్లింలు, మేం హిందువులం. గ్రూపులో అందరూ 'ఇన్నా లిల్లాహి...' అని పెడుతున్నారు. నేనూ అదే పెట్టాలా? 'ఆత్మకు శాంతి కలగాలి' అంటే తప్పా?

పాతబాట: అదే పెట్టండి, వాళ్ల పద్ధతిని గౌరవించినట్టు ఉంటుంది. కానీ మూడు రోజుల్లోపే పెట్టాలి. ఆ తర్వాత వాళ్లలో సంతాపం చెప్పకూడదు.

నూర్: మూడు రోజుల మాట సగమే నిజమండీ. మామూలు బంధువులు శోకం పాటించే గడువు అది. పలకరింపు ఆ లోపే మంచిదంటారు కానీ, ఆలస్యంగా తెలిసినవాళ్లు తర్వాత చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. భార్యకైతే ఇద్దత్ అనే గడువు నాలుగు నెలల పది రోజులు, గర్భిణి అయితే కాన్పు వరకు. ఆ రోజుల్లో ఆమె ఇల్లు దాటడం తక్కువ. అందుకే 'అమ్మను కొన్నాళ్లు మా ఇంటికి తీసుకురా' అని మాత్రం రాయకండి. ప్రేమతో రాసినా, కాదని చెప్పాల్సిన ఇబ్బంది మీ ఫ్రెండ్‌ మీద పడుతుంది. 'పెద్దకర్మ ఎప్పుడు?' అనీ అడగొద్దు. నలభయ్యో రోజు చేసే ఇళ్లున్నాయి, అది మతంలో లేదనే ఇళ్లూ ఉన్నాయి.

గోరింట: పూలదండ తీసుకెళ్లొచ్చా మరి?

నూర్: ఆవిడ అడిగింది మెసేజ్ గురించండీ. వెళ్లేటట్టయితే దండ అక్కర్లేదు, ఊరికే వెళ్లి కూర్చుంటే చాలు.

ఇక 'ఇన్నా లిల్లాహి' ఖురాన్ రెండో అధ్యాయం, 156వ ఆయత్‌లోది. 'మేం అల్లాహ్ వాళ్లం, ఆయన దగ్గరికే వెళ్తాం' అని కష్టంలో ఉన్న విశ్వాసి చెప్పుకునే మాట. మీరు పెడితే అవమానమేం కాదు. కానీ కాపీ చేసిన ఆ ఒక్క లైనే పంపితే అందులో మీరు కనపడరు. 'ఆత్మకు శాంతి'ని కూడా ఎవరూ తప్పుగా తీసుకోరు. మేం పోయినవాళ్లకు క్షమాపణ, స్వర్గం కోరుకుంటాం. మళ్లీ జన్మ, కర్మ లాంటి మాటలు మాత్రం వద్దు.

తెల్లకాగితం: మా అమ్మ పోయినప్పుడు క్రైస్తవ ఫ్రెండ్ 'ప్రభువు సన్నిధికి చేరారు' అని రాసింది. నాకేమీ అనిపించలేదు, మా అన్నయ్యకు మాత్రం కోపం వచ్చింది. ఒకే ఇంట్లోనే అందరూ ఒకలా తీసుకోరు.

వానచినుకు: ఇలా రాశాను, చూడండి: 'నాన్నగారి గురించి ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. నేనెప్పుడు ఫోన్ చేసినా, నీకిచ్చే ముందు నా చదువు గురించి అడిగేవారు. అల్లాహ్ ఆయనకు స్వర్గం, మీకు ఓర్పు ఇవ్వాలి. ఇప్పుడే జవాబివ్వక్కర్లేదు.'

పాతబాట: నమ్మకం లేకుండా 'అల్లాహ్' అని రాయడం నటన అవుతుంది కదా? 'దేవుడు' అని రాస్తే సరిపోతుంది.

నూర్: నాకైతే అది నటనలా అనిపించదు, వాళ్లు దేవుణ్ని పిలిచే పేరుతోనే కోరుకున్నారు. అయినా 'దేవుడు' అన్నా మంచిదే. ఆ ఫోన్ మాట మాత్రం తీసేయకండి. ఇంకెవరూ రాయలేనిది అదే.