k=50 కి షూటింగ్ పేలిపోతోంది, టాలరెన్స్ ఎంత తగ్గించినా లాభం లేదు

చిన్నఅడుగు: సన్న కడ్డీ, రెండు చివర్లూ ఒకే టెంపరేచర్ దగ్గర పట్టి ఉంచాం, పక్కల్నుంచి వేడి పోతుంటుంది. ఈక్వేషన్ y'' = k²y, y(0)=1, y(1)=1. y'(0)=s అని ఒకటి అనుకుని చివరిదాకా ఇంటిగ్రేట్ చేసి, y(1) చూసి సెకెంట్ మెథడ్ తో s ని సర్దుతున్నా. k=10 కి చక్కగా వచ్చేసింది. k=50 పెట్టేసరికి y(1) ఒకసారి ప్లస్ లో కోట్లు, ఇంకోసారి మైనస్ లో కోట్లు. కోడ్ లో ఏమైనా తప్పుందా?

```python
def f(x, y): return [y[1], 2500*y[0]]
sol = solve_ivp(f, (0, 1), [1, s], rtol=1e-12, atol=1e-14)
```

రాత్రిబస్సు: సెకెంట్ వద్దు, బైసెక్షన్ పెట్టండి. ఒక s కి ప్లస్, ఇంకో s కి మైనస్ వస్తోందంటే మధ్యలో రూట్ ఉన్నట్టేగా. పైగా k=50 అంటే స్టిఫ్, `method='Radau'` పెడితే సర్దుకుంటుంది.

చిన్నఅడుగు: బైసెక్షన్ చేశానండి. రెండు s లూ పక్కపక్క నంబర్లయిపోయి అక్కడే ఆగింది, y(1) మాత్రం 1 దరిదాపుల్లో కూడా లేదు.

ఎర్రపెన్ను: అలా ఆగడంలోనే జవాబుంది, కోడ్ లో తప్పేం లేదు. దీనికి చేత్తోనే సొల్యూషన్ రాయొచ్చు కదా, కావాల్సిన s విలువ -50·tanh(25), అంటే -50 కి దానికి తేడా 2e-20 మాత్రమే. డబుల్ ప్రెసిషన్ లో 50 దగ్గర ఒక నంబర్ కి పక్క నంబర్ కి మధ్య ఖాళీయే 7e-15. మీకు కావాల్సిన s ని మెషిన్ లో రాయడమే కుదరదు. ఇప్పుడు రెండో సంగతి, s లో వచ్చే మార్పు y(1) దగ్గర sinh(50)/50 రెట్లవుతుంది, అంటే సుమారు 5e19. ఆ ఒక్క ఖాళీని దీంతో గుణించండి, 3.7 లక్షలు వస్తుంది. ఇంటిగ్రేషన్ అసలు తప్పే చేయలేదనుకున్నా s=-50 కి y(1) దాదాపు సున్నా, పక్క నంబర్ కి 3.7 లక్షలు, మీ 1 ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది. k=10 కి ఇదే లెక్క 1100 రెట్లే, అందుకే ఏ ఇబ్బందీ రాలేదు.

Radau గురించి ఒక మాట, ఇక్కడ స్టిఫ్‌నెస్ కాదు సమస్య. e^(50x) నిజంగానే పెరిగే భాగం, సాల్వర్ దాన్ని సరిగ్గానే ఫాలో అవుతోంది. ఇంకా ప్రమాదం ఏంటంటే Radau కుటుంబంలోనే అన్నిటికంటే సింపుల్ అయిన బ్యాక్‌వర్డ్ ఆయిలర్ ని స్టెప్ 0.1 తో నడిపితే ఆ భాగం ప్రతి స్టెప్ కీ -0.25 రెట్లయి తగ్గిపోతుంది, కర్వ్ పేలకుండా బుద్ధిగా కనిపిస్తుంది గానీ అది తప్పు జవాబు.

రాత్రిబస్సు: స్టిఫ్ విషయం ఒప్పుకున్నా. మరి 1 నుంచి 0 కి వెనక్కి షూట్ చేస్తే?

ఎర్రపెన్ను: పెరిగే భాగం ఒక్కటే ఉండుంటే పనిచేసేది. ఇక్కడ e^(-50x) కూడా ఉంది, వెనక్కి వెళ్తే అది పెరుగుతుంది.

ఫైనైట్ డిఫరెన్స్ లో ఈ గొడవ రాదు, ఎందుకంటే అక్కడ ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవడం అన్నదే లేదు, రెండు చివర్ల విలువలూ మొదట్నుంచే ఈక్వేషన్లలో కూర్చుంటాయి. లోపలి ప్రతి పాయింట్ కీ ఇది రాయండి:

```
y[i-1] - (2 + k²h²)·y[i] + y[i+1] = 0
```

ట్రైడయాగనల్, డయాగనల్ ఎప్పుడూ పక్కవాటికంటే పెద్దది, థామస్ అల్గారిథమ్ తో క్షణంలో అయిపోతుంది. మీ k=50 కి h=0.01 పెడితే x=0.02 దగ్గర 0.3716 వస్తుంది, అసలుది 0.3679. h సగం చేస్తే 0.3688, తప్పు దాదాపు నాలుగో వంతుకి దిగింది. చివర్ల దగ్గర 0.02 వెడల్పులోనే కర్వ్ మూడో వంతు దగ్గరికి పడిపోతుంది కాబట్టి ఆ కొంచెంలో నాలుగైదు పాయింట్లైనా ఉండాలి, అదొక్కటే చూసుకోండి.

నీలిగళ్ళు: నాదీ ఇదే బాధ, కాకపోతే నాన్‌లీనియర్. y'' = n·sinh(n·y), y(0)=0, y(1)=1. n=10 కి గెస్ కొంచెం పెద్దదైతే సాల్వర్ చివరిదాకా వెళ్ళకుండా మధ్యలోనే చచ్చిపోతోంది.

ఎర్రపెన్ను: అది ట్రోష్ ప్రాబ్లమ్, మీకు జరుగుతున్నది వేరే. మీ గెస్ సుమారు 8e^(-n) దాటితే సొల్యూషన్ 1 కి ముందే అనంతానికి పోతుంది. n=10 కి ఆ హద్దు 3.63e-4, సరైన s 3.58e-4, మధ్యలో సందు ఎంతుందో చూడండి. షూటింగే కావాలంటే ఇంటర్వెల్ ని పది ముక్కలు చేసి మల్టిపుల్ షూటింగ్ చేయండి, ముక్కలో ఎదుగుదల అదుపులో ఉంటుంది, అతుకుల దగ్గర y, y' కలవాలని న్యూటన్ కి చెప్పాలి. పైన చిన్నఅడుగు గారి k=50 కి కూడా పది ముక్కలైతే ఒక్కో ముక్కలో e^5, 150 రెట్లు లోపే.

రాత్రిబస్సు: అయితే షూటింగ్ ఎప్పుడూ వాడొద్దంటారా?

ఎర్రపెన్ను: అలా అనను. y'' + y = 0 లాంటి ఊగే ఈక్వేషన్లకి, చిన్న ఇంటర్వెల్స్ కి నేను ఇప్పటికీ షూటింగే వాడతా, స్టెప్ సైజు అదే సర్దుకుంటుంది, కోడ్ పది లైన్లు. ముందు s ని 1e-8 కదిపి y(1) ఎంత కదిలిందో చూస్తా. పదివేల రెట్లు దాటకపోతే నిశ్చింత, 1e10 దాటితే ఇక దాని జోలికి పోను. మధ్యలో అయితే ఎన్ని డిజిట్లు కావాలన్నదాన్ని బట్టి.

చిన్నఅడుగు: ట్రైడయాగనల్ రాశా, 0.3716 వచ్చింది. థాంక్సండి.

నీలిగళ్ళు: నేను ఫైనైట్ డిఫరెన్స్ తో, n=1 సొల్యూషన్ ని n=2 కి గెస్ గా ఇస్తూ పైకి వెళ్తున్నా. 8 దాకా వచ్చింది, 9 దగ్గర న్యూటన్ కుదురుకోవట్లేదు. x=1 దగ్గర పాయింట్లు చాలట్లేదా, n ని ఒక్కసారే 1 పెంచడం ఎక్కువైందా?

ఎర్రపెన్ను: చూడకుండా చెప్పలేను. ముందు 8.5 పెట్టి చూడండి, చివరి 0.1 లో మెష్ ని రెట్టింపు చేయండి, కానీ రెండూ ఒకేసారి మార్చకండి.