కావా మాత్రలు: లివర్ భయం నిజమా, అతిగా చెబుతున్నారా?

సుమతి, తిరుపతి: రాత్రిళ్ళు గుండె దడ, ఊరికే టెన్షన్. డాక్టరు రాసిన ఎస్సిటాలోప్రామ్ 10 మూడు నెలలుగా వేసుకుంటున్నాను, సగం తగ్గింది. ఆక్లాండ్‌లో ఉన్న మా తమ్ముడు టెన్షన్‌కు మంచిదని కావా అనే పసిఫిక్ దీవుల మూలిక క్యాప్సూల్స్ పంపాడు. జర్మనీలో నిషేధించారని చదివాను. ఇవి వేసుకోవచ్చా?

రెడ్డెప్ప, పుంగనూరు: భయపడాల్సిన పని లేదమ్మా. ఫిజీ, వనువాటు, టోంగా దీవుల్లో తరతరాలుగా తాగుతున్నారు. వేరును దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి, కొబ్బరి చిప్పలో పోసుకుంటారు. వాళ్ళ లివర్లన్నీ పాడైపోయాయా? 2002లో జర్మనీ ఆపేసిందని అందరూ చెబుతారు గానీ, 2014లో అక్కడి కోర్టే ఆ ఉత్తర్వు చెల్లదని చెప్పింది. ఆ మాట ఎవరూ ఎత్తరు.

వాణి, శ్రీకాళహస్తి: అక్కా, నేను అశ్వగంధ మాత్రలు వాడాను. టెన్షన్ తగ్గిందనే అనిపించింది. రెండో నెలలో అరిచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళి క్రీము రాసుకున్నాను. తర్వాత మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది, కళ్ళు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ బాగా పెరిగింది. మాత్రలు మానేశాక పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టింది. మన ఊరి మూలికే కదా అని నమ్మాను.

రెడ్డెప్ప, పుంగనూరు: అడిగింది కావా గురించి తల్లీ, అశ్వగంధ వేరే.

మునిరత్నం, చిత్తూరు, ఫార్మసిస్ట్: మొక్కలు వేరైనా వాణి గారు చెప్పిన గుర్తులు ఇక్కడా పనికొస్తాయి అన్నా. దురద, మూత్రం రంగు మారడం, ఆకలి చచ్చిపోవడం, కళ్ళు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపేసి అదే రోజు లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ చేయించుకోవాలి.

కోర్టు సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ కథ అక్కడితో ఆగలేదు. 2019లో జర్మనీ అధికారులు ఆ మందుల అనుమతులను మళ్ళీ రద్దు చేశారు. దీవుల మాటలోనూ సగమే ఉంది. వాళ్ళు తాగేది మంచి రకం మొక్క వేరును నీళ్ళలో పిసికింది. యూరప్‌లో అమ్మిన మాత్రల్లో ఎక్కువ భాగం ఆల్కహాలుతోనో అసిటోనుతోనో లాగిన గాఢ సారం. అసలు తేడా అదేనని మొదట్లో చాలామంది అనుకున్నారు. కానీ న్యూ కాలెడోనియా అనే పసిఫిక్ దీవుల్లో నీళ్ళ కావా తాగినవాళ్ళలోనూ లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి. నాసిరకం మొక్కా, కాండం తొక్కు కలవడమా, బూజా, తాగినవాడి శరీర తత్వమా అన్నది ఇప్పటికీ తేలలేదు. సుమతి గారూ, బాటిల్ మీద ఏముందో రాస్తారా?

సుమతి, తిరుపతి: ఒక్కో క్యాప్సూల్లో 250 మిల్లీగ్రాముల సారం, కవలాక్టోన్లు 30 శాతం, రోజుకు మూడు. వేరు అని గానీ, ఏ రకం అని గానీ లేదు.

మునిరత్నం, చిత్తూరు, ఫార్మసిస్ట్: కవలాక్టోన్లంటే కావాలో పనిచేసే పదార్థాలు. 250లో 30 శాతమంటే 75. మూడు వేసుకుంటే 225 మిల్లీగ్రాములు. జర్మనీలో కావాను అనుమతించిన రోజుల్లోనే రోజుకు 60 నుంచి 120 వరకే, అదీ డాక్టరు చూస్తుంటే తప్ప మూడు నెలలు దాటకూడదు అనేవాళ్ళు. మీ బాటిల్ దానికి దాదాపు రెట్టింపు చెబుతోంది.

పోనీ, అంత వేసుకుంటే టెన్షన్ తగ్గుతుందా? ఆస్ట్రేలియాలో రోజుకు 240 చొప్పున 16 వారాలు ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాలేదు, ఎల్‌ఎఫ్‌టీ తేడాలు మాత్రం కావా వాడినవాళ్ళలోనే ఎక్కువ. అంతకుముందు చిన్న పరీక్షల్లో కాస్త మేలు కనబడిన మాట నిజం. అయినా నేనైతే ఈ బాటిల్ మూత తీయొద్దనే అంటాను.

ఇంకోటి. కావా లివర్‌లో మందులను విరిచే ఎంజైములను అడ్డుకోగలదని ల్యాబ్ పరీక్షల్లో కనబడింది. మీ ఎస్సిటాలోప్రామ్ విరిగేదీ అలాంటి ఎంజైముల వల్లే. సగమే తగ్గిందన్నారు కదా, 10 మిల్లీగ్రాముల డోసు పెంచవచ్చా, కౌన్సెలింగ్ కలపాలా అని మీ డాక్టరును అడగండి. ఉన్న మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు.

రెడ్డెప్ప, పుంగనూరు: లెక్క ఒప్పుకుంటాను మునిరత్నం. కానీ సారా వల్ల పోయే లివర్లతో పోలిస్తే ఇదెంత? దాన్ని అమ్మనిచ్చి దీన్ని ఆపడం న్యాయమా?

మునిరత్నం, చిత్తూరు, ఫార్మసిస్ట్: ఆ ప్రశ్న ప్రభుత్వాలను అడగాల్సిందే అన్నా, అందులో మీతో గొడవ లేదు. ఆస్ట్రేలియా కూడా 2021 చివర్లో కావా పొడిని ప్రయోగంగా దిగుమతి చేసుకోనిచ్చింది. అది నీళ్ళలో కలిపి తాగే పొడి. సుమతి గారి చేతిలో ఉన్నది గాఢ సారం, పైగా రోజూ వేసుకునే మందుకు తోడు.

సుమతి, తిరుపతి: బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, బాటిల్ కూడా తీసుకెళ్తాను. వాణీ, అశ్వగంధ మానేశాక నీకు దడ మళ్ళీ వచ్చిందా?